1 − 1 + 1 − 1 + … = 1/2 అంటే అసలు ఏం చెప్తున్నట్టు?

ఈ లెక్కను చాలామంది ఏదో ఒక వీడియోలో చూసే ఉంటారు. ఒకటి రాసి, అందులోంచి ఒకటి తీసేసి, మళ్ళీ ఒకటి కలిపి, మళ్ళీ తీసేసి, ఇలా అంతు లేకుండా పోతే మొత్తం ఎంత?

1 − 1 + 1 − 1 + 1 − 1 + …

మొదటి నుంచీ జతలు కడితే (1 − 1) + (1 − 1) + … అవుతుంది, అంటే సున్నా. మొదటి ఒకటిని పక్కన పెట్టి, ఆ తర్వాత నుంచి జతలు కడితే 1 + (−1 + 1) + (−1 + 1) + …, అంటే ఒకటి. మూడో దారి కూడా ఉంది. మొత్తాన్ని S అందాం. మొదటి ఒకటిని వదిలేస్తే మిగిలేది అదే శ్రేణి, గుర్తులు మాత్రం తారుమారు. కాబట్టి S = 1 − S, అంటే S = 1/2. వీడియోలు సాధారణంగా ఇక్కడ ఆగి, "గణితం ఎంత వింతైనదో చూశారా" అంటాయి. అందులో వింత కంటే దాటవేత ఎక్కువ. అడగాల్సిన ప్రశ్న అడగకుండానే జవాబు చెప్పేశారు: అంతం లేని కూడికకు "మొత్తం" అంటే ఏమిటి?

పది సంఖ్యలిస్తే కూడగలం. కోటి సంఖ్యలిచ్చినా, ఓపికుంటే కూడగలం. అనంతమైన సంఖ్యల్ని మాత్రం ఎవరూ ఎప్పుడూ కూడలేదు, కూడలేరు కూడా. అందుకే అక్కడ "మొత్తం" అనే మాట వాడాలంటే ముందు దానికి అర్థం మనమే ఇవ్వాలి. కాలేజీలో చెప్పే అర్థం 1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ తన పాఠ్యపుస్తకంలో గట్టిగా నిలబెట్టినది. మొదటి పదం, మొదటి రెండు పదాల మొత్తం, మొదటి మూడింటి మొత్తం, ఇలా వరసగా రాసుకుంటూ పోవాలి. వీటిని పాక్షిక మొత్తాలు అంటారు. ఈ వరస ఏదో ఒక సంఖ్యకు దగ్గరవుతూ, ఇక దాని దగ్గరే స్థిరపడిపోతే ఆ సంఖ్యే శ్రేణి మొత్తం, అలాంటిది అభిసరణ శ్రేణి. స్థిరపడకపోతే శ్రేణికి మొత్తం లేదు, అది అపసరణ శ్రేణి.

మన శ్రేణి పాక్షిక మొత్తాలు ఇవి:

1, 0, 1, 0, 1, 0, 1, 0, …

ఎంత దూరం పోయినా ఇది స్థిరపడదు. కాబట్టి కోషీ నిర్వచనం ప్రకారం ఈ శ్రేణికి మొత్తం లేదు. పరీక్షలో ఇలా రాస్తే పూర్తి మార్కులు వేయాలి, ఎందుకంటే అది నిజం. 1/2 అనే జవాబు ఈ నిజాన్ని కొట్టిపారేయదు. అది వేరే ప్రశ్నకు జవాబు. ఆ వేరే ప్రశ్న ఏమిటో, దాన్ని ఎందుకు అడిగారో చూద్దాం.

సగం అనే ఊహ పాతదే

ఇటలీలోని పీసాలో గణితం చెప్పిన గ్వీడో గ్రాండీ అనే సన్యాసి 1703లో ఈ శ్రేణి గురించి రాశాడు. అందుకే దీన్ని ఇప్పటికీ గ్రాండీ శ్రేణి అంటారు. 1/(1 + x) అనే భిన్నాన్ని 1 − x + x² − x³ + … అని విస్తరించి, x స్థానంలో 1 పెడితే ఎడమవైపు 1/2, కుడివైపు మన శ్రేణి వస్తాయి. దాన్ని సమర్థించడానికి ఆయన ఒక కథ చెప్పాడు. తండ్రి ఇచ్చిన రత్నాన్ని అమ్మడానికి వీల్లేదు, అన్నదమ్ములిద్దరూ ఏడాదికొకరు చొప్పున దాన్ని దగ్గర పెట్టుకుంటారు. అంటే ఒక్కొక్కరికి సగం రత్నం ఉన్నట్టే కదా?

1713లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ ఒక ఉత్తరంలో ఇదే జవాబుకు వేరే కారణం చెప్పాడు. ఎక్కడ ఆపితే 0 వస్తుందో, ఎక్కడ ఆపితే 1 వస్తుందో, ఆ రెండు రకాల చోట్లూ సమానంగా ఉన్నాయి. కాబట్టి రెండింటి సగటు తీసుకోవాలి అన్నాడు. రుజువుగా చూస్తే ఇది నిలబడదు. కానీ సగటు అనే మాట ఆయన నోట వచ్చింది. దాదాపు నూట ఎనభై ఏళ్ళ తర్వాత ఆ మాటే ఖచ్చితమైన నిర్వచనంగా మారింది.

ఆ నిర్వచనం పెద్ద కష్టమేం కాదు. పాక్షిక మొత్తాలు స్థిరపడకపోతే వాటి సగటులు స్థిరపడుతున్నాయేమో చూడు, అంతే. మొదటి పాక్షిక మొత్తం 1, దాని సగటు 1. మొదటి రెండింటి సగటు (1 + 0)/2, అంటే 1/2. మొదటి మూడింటిది (1 + 0 + 1)/3, అంటే 2/3. నాలుగింటిది మళ్ళీ 1/2. అయిదింటిది 3/5. వరసగా రాస్తే:

1, 1/2, 2/3, 1/2, 3/5, 1/2, 4/7, 1/2, …

సరిసంఖ్య దగ్గర సగటు ఎప్పుడూ సరిగ్గా 1/2. బేసిసంఖ్య దగ్గర ఒక 1 అదనంగా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ వస్తుంది. 101 పాక్షిక మొత్తాల దగ్గర అది 51/101, అంటే సుమారు 0.505. పోనుపోను ఆ అదనపు 1 బరువు కరిగిపోతుంది. సగటులు 1/2 దగ్గర స్థిరపడతాయి. ఇలా వచ్చే విలువను ఇటలీ గణితవేత్త ఎర్నెస్టో చెజారో పేరు మీద చెజారో మొత్తం అంటారు.

ఇప్పుడు "1 − 1 + 1 − … = 1/2" అని రాస్తే అందులోని "=" గుర్తు "పాక్షిక మొత్తాల సగటులు 1/2కు చేరుతాయి" అని మాత్రమే చెప్తోంది. మాయ లేదు, రహస్యం లేదు. కూడితే సగం వచ్చిందని ఎవరూ అనడం లేదు.

ఈ పద్ధతిని ఎందుకు నమ్మాలి?

నిర్వచనం మన చేతిలో పనే అయితే, ఇష్టం వచ్చిన సంఖ్యను మొత్తం అనేయొచ్చు కదా అనే అనుమానం రావాలి. రాకపోతేనే ఆశ్చర్యం. మొదట తేల్చుకోవాల్సింది ఏమిటంటే, ఇప్పటికే మొత్తం ఉన్న శ్రేణుల జోలికి ఈ కొత్త పద్ధతి పోతుందా, వాటి జవాబులు మారుస్తుందా అని.

1 + 1/2 + 1/4 + 1/8 + … తీసుకోండి. దీని మొత్తం 2 అని అందరికీ తెలుసు. పాక్షిక మొత్తాలు 1, 1.5, 1.75, 1.875, … ఇలా పోతాయి. పదో దాని దగ్గరే 1.998 వచ్చేస్తుంది. వాటి సగటులు 1, 1.25, 1.417, 1.531, … ఇలా చాలా నింపాదిగా నడుస్తాయి. పదో సగటు 1.8 మాత్రమే, నూరో సగటు 1.98. మొదట్లో తక్కువగా ఉన్న విలువల బరువును సగటు చాలాకాలం మోస్తూనే ఉంటుంది. అయినా చివరికి చేరేది 2కే. ఎందుకో చూడటం తేలిక. ఒక చోటు దాటాక పాక్షిక మొత్తాలన్నీ 2కు మనం కోరినంత దగ్గరగా ఉంటాయి. ఆ చోటుకు ముందున్నవి తెచ్చే తేడా మొత్తం ఒక స్థిరమైన సంఖ్య. దాన్ని సగటులోని పాక్షిక మొత్తాల లెక్కతో, అంటే పెరుగుతూ పోయే n తో భాగిస్తుంటే అది సున్నా అయిపోతుంది. ఏ అభిసరణ శ్రేణికైనా ఇదే వాదన నడుస్తుంది. అంటే పాత జవాబులన్నీ పదిలంగానే ఉంటాయి. లేని చోట కొన్ని కొత్త జవాబులు వస్తాయి.

రెండోది, కూడికకు ఉండాల్సిన మామూలు గుణాలు దీనికి ఉన్నాయా? రెండు శ్రేణుల్ని పదానికి పదం కలిపితే చెజారో మొత్తాలు కలుస్తాయి. అన్ని పదాలనూ ఒక సంఖ్యతో గుణిస్తే మొత్తం కూడా అంతే పెరుగుతుంది. మొదటి పదాన్ని విడదీసి బయట పెట్టినా, మిగిలినదాని మొత్తానికి దాన్ని కలిపితే పాత మొత్తమే వస్తుంది.

ఇప్పుడు S = 1 − S అనే వాదన దగ్గరికి మళ్ళీ వెళ్దాం. అందులో వాడినవి సరిగ్గా ఈ గుణాలే: మొదటి పదాన్ని బయటికి తీయడం, మిగిలినదాన్ని −1తో గుణించడం. కాబట్టి ఆ వాదన పనికిమాలినది కాదు, కానీ అది చెప్పేది వేరు. "ఈ గుణాలున్న ఏ పద్ధతి అయినా సరే, గ్రాండీ శ్రేణికి ఒక విలువ ఇస్తే అది 1/2 తప్ప ఇంకోటి కాలేదు." ఇది నిజమైన సిద్ధాంతం. అలాంటి పద్ధతి ఒకటి ఉందో లేదో మాత్రం ఆ వాదన చెప్పదు. సగటుల పద్ధతి వచ్చి ఆ ఖాళీ పూరిస్తుంది. వీడియోల్లో వదిలేసేది ఈ రెండో సగాన్నే.

మరి బ్రాకెట్ల సంగతి? బ్రాకెట్లు పెట్టడమంటే పాక్షిక మొత్తాల్లో కొన్నింటిని దాచేసి కొన్నింటినే చూపించడం. మొదటి రకం జతలు 1, 0, 1, 0, … లోంచి సున్నాల్ని మాత్రమే ఏరుతాయి, రెండో రకం ఒకట్లను మాత్రమే ఏరుతాయి. అభిసరణ శ్రేణిలో ఎక్కడ ఏరినా వరస ఒకే చోటికి పోతుంది కాబట్టి బ్రాకెట్లు హాని చేయవు. ఇక్కడ చేస్తాయి. కాబట్టి 0, 1, 1/2 అనే మూడు జవాబులకూ ఒకే హోదా లేదు. మొదటి రెండూ అపసరణ శ్రేణికి వర్తించని నియమం వాడి తెచ్చినవి.

సున్నాలు చేర్చితే ఏమవుతుంది?

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 18వ శతాబ్దం చివర్లో కాలే అనే ఫ్రెంచి గణితవేత్త లేవనెత్తిన అభ్యంతరం. లాగరిథం పట్టికలతో పేరు తెచ్చుకున్న మనిషి. గ్రాండీ తన 1/2ను 1/(1 + x) నుంచి తెచ్చాడు కదా, నేను ఇంకో భిన్నం ఇస్తాను చూడండి అన్నాడు:

(1 + x)/(1 + x + x²) = 1 − x² + x³ − x⁵ + x⁶ − x⁸ + …

x = 1 పెట్టండి. కుడివైపు వచ్చేది అదే 1 − 1 + 1 − 1 + …. ఎడమవైపు మాత్రం 2/3. అంటే గ్రాండీ వాడిన దారిలోనే నడిచి వేరే ఊరికి చేరుకున్నాడు. ఇలా తగిన భిన్నాలు ఎంచుకుంటే 0కూ 1కీ మధ్య ఏ భిన్నాన్నైనా ఈ శ్రేణి మొత్తంగా చూపించొచ్చు.

దీనికి గణితవేత్త లగ్రాంజ్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది. ఆ విస్తరణలో x లేదు, x⁴ లేదు, x⁷ లేదు. లేవంటే వాటి గుణకాలు సున్నా అని. వాటిని దాచకుండా రాస్తే x = 1 దగ్గర వచ్చే శ్రేణి నిజానికి ఇది:

1 + 0 − 1 + 1 + 0 − 1 + 1 + 0 − 1 + …

దీని పాక్షిక మొత్తాలు 1, 1, 0, 1, 1, 0, … ప్రతి మూడింటిలో రెండు ఒకట్లు. సగటు 2/3. సున్నాను కాస్త జరిపి 1 − 1 + 0 + 1 − 1 + 0 + … అని రాస్తే పాక్షిక మొత్తాలు 1, 0, 0, 1, 0, 0, …, సగటు 1/3. కాలే అభ్యంతరం కూలిపోలేదు, కానీ అది చూపించేది వైరుధ్యాన్ని కాదు. ఇవి మూడు వేర్వేరు శ్రేణులు.

ఇది మింగుడు పడటానికి కాస్త టైమ్ పడుతుంది. సున్నాను కలిపితే ఏ మొత్తమూ మారదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. అభిసరణ శ్రేణుల్లో అది నిజమే. ఎన్ని సున్నాలు ఎక్కడ దూర్చినా జవాబు చెక్కుచెదరదు. సగటుల పద్ధతిలో మాత్రం సున్నా ఒక స్థానం ఆక్రమిస్తుంది, అంటే అప్పటి పాక్షిక మొత్తానికి సగటులో ఇంకో ఓటు పడుతుంది. కాబట్టి చెజారో మొత్తం సంఖ్యల సంచికి చెందినది కాదు. ఏ సంఖ్య ఎన్నో స్థానంలో ఉందో, ఆ అమరిక మొత్తానికి చెందినది.

దీన్ని ఇంకా ముందుకు తోసి చూద్దాం. ప్రతి మలుపు దగ్గరా సున్నాల్ని రెట్టింపు చేసుకుంటూ పోయి, పాక్షిక మొత్తాలు ఒక సారి 1, తర్వాత రెండు సార్లు 0, తర్వాత నాలుగు సార్లు 1, ఎనిమిది సార్లు 0, ఇలా వచ్చేట్టు చేద్దాం. శ్రేణిలో సున్నాలు తీసేస్తే మిగిలేవి అవే 1, −1, 1, −1. కానీ సగటులు ఇప్పుడు స్థిరపడవు. ఒకట్ల గుంపు ముగిసేసరికి సగటు 2/3 దగ్గరికి ఎక్కుతుంది, సున్నాల గుంపు ముగిసేసరికి 1/3 దగ్గరికి దిగుతుంది. మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. ఈ శ్రేణికి చెజారో మొత్తమే లేదు. 0, 1 రెండే వస్తున్నాయి కాబట్టి సగం అనే లైబ్నిజ్ తర్కం ఎంత పలచనిదో ఇక్కడ తెలిసిపోతుంది. ఏ విలువలు వచ్చాయన్నది ఒక్కటే చాలదు, ఎంత తరచుగా వచ్చాయన్నది కూడా చూడాలి.

చెజారోకు దీంతో ఏం పని పడింది?

చెజారో ఈ పద్ధతిని పొడుపుకథ విప్పడానికి పెట్టలేదు. 1890లో ఆయన రాసిన పరిశోధన పత్రం శ్రేణుల గుణకారం గురించి. సమస్య ఇది: రెండు శ్రేణులున్నాయి, ఒకదాని మొత్తం A, ఇంకోదాని మొత్తం B. బహుపదుల్ని గుణించినట్టు వాటిని గుణించి, ఒకే ఘాతానికి చెందిన పదాల్ని ఒక చోట చేర్చి కొత్త శ్రేణి తయారుచేస్తే దాని మొత్తం AB కావాలి. చాలాసార్లు అవుతుంది. కొన్నిసార్లు ఆ కొత్త శ్రేణి అసలు స్థిరపడదు.

కళ్ళతో చూడాలంటే 1 − 1/√2 + 1/√3 − 1/√4 + … తీసుకోవచ్చు. ఇది నెమ్మదిగానైనా స్థిరపడుతుంది, మొత్తం సుమారు 0.6049. దీన్ని దీనితోనే గుణిస్తే 0.6049 వర్గం, అంటే 0.3659 రావాలి. గుణకారం చేసి చూస్తే మొదటి పదం 1. రెండోది −(1/√2 + 1/√2), అంటే −1.414. మూడోది 1.655, నాలుగోది −1.816, అయిదోది 1.935, ఆరోది −2.026. పదాలు చిన్నవి కావడం లేదు, పెరుగుతున్నాయి. చివరికి వాటి పరిమాణం π దగ్గరికి చేరుతుంది. పదాలు సున్నాకు పోని శ్రేణి స్థిరపడే ప్రశ్నే లేదు. పాక్షిక మొత్తాలు ఇలా ఊగుతాయి:

1, −0.414, 1.240, −0.576, 1.359, −0.667, …

వాటి సగటులు చూడండి:

1, 0.293, 0.609, 0.313, 0.522, 0.324, …

ఊగిసలాట తగ్గుతోంది, రెండు వైపుల నుంచీ 0.3659ను నొక్కుతోంది. చెజారో నిరూపించినది సరిగ్గా ఇదే. రెండు అభిసరణ శ్రేణుల్ని ఇలా గుణిస్తే, లబ్ధ శ్రేణి స్థిరపడకపోయినా దాని సగటులు తప్పనిసరిగా AB దగ్గర స్థిరపడతాయి. అంటే సరైన జవాబు ఆ శ్రేణిలో ఉంది, పాక్షిక మొత్తాల ఊగిసలాట దాన్ని కనపడకుండా చేస్తోంది. నా దృష్టిలో 1/2కు దొరికే అసలైన సమర్థన ఇక్కడుంది, రత్నం కథలో కాదు.

ఒక్కసారిగా తెంపకుండా

సగటును ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. నాలుగు పాక్షిక మొత్తాల సగటు తీసేటప్పుడు మొదటి పదం నాలుగింటిలోనూ ఉంటుంది, రెండోది మూడింటిలో, మూడోది రెండింటిలో, నాలుగోది ఒక్కదానిలో. కాబట్టి సగటు అంటే పదాల్ని 4/4, 3/4, 2/4, 1/4 అనే తగ్గే బరువులతో కూడటమే. గ్రాండీ శ్రేణికి 4/4 − 3/4 + 2/4 − 1/4, అంటే 1/2. మామూలు పాక్షిక మొత్తం శ్రేణిని ఒక చోట కత్తిరించేస్తుంది. సగటు దాన్ని మెల్లగా మసకబారుస్తుంది. గ్రాండీ శ్రేణిలో 0, 1 మధ్య కనిపించే ఊపంతా ఆ కత్తిరింపు వల్ల వచ్చినదే.

ఈ చూపు ఫూరియర్ శ్రేణుల్లో బాగా పనికొచ్చింది. ఒక తరంగాన్ని సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయడమే ఫూరియర్ శ్రేణి. తెగని గీతలా ఉండే అవిచ్ఛిన్న ప్రమేయానికైనా ఇది బాగా స్థిరపడాలని అందరూ ఆశించారు. 1870లలో డు బోయ్-రేమోన్ అనే జర్మన్ గణితవేత్త ఆ ఆశ మీద నీళ్ళు చల్లాడు. అవిచ్ఛిన్నంగానే ఉన్నా ఒక బిందువు దగ్గర ఫూరియర్ శ్రేణి స్థిరపడని ప్రమేయాన్ని కట్టి చూపించాడు. 1900లో ఇరవై ఏళ్ళ హంగేరీ కుర్రాడు ఫేయెర్ దారి చూపించాడు. పాక్షిక మొత్తాలకు బదులు వాటి సగటులు తీసుకుంటే, ప్రతి ఆవర్తన అవిచ్ఛిన్న ప్రమేయానికీ అవి ఆ ప్రమేయానికే చేరుతాయి, అన్ని బిందువుల దగ్గరా, ఒకే తీరుగా.

తేడా గ్రాఫ్ గీస్తే కనిపిస్తుంది. −1 నుంచి +1కు ఒక్కసారిగా దూకే చదరపు తరంగాన్ని తీసుకుని దాని ఫూరియర్ పాక్షిక మొత్తాలు గీయండి. దూకే చోటు పక్కన గీత 1ని దాటి దాదాపు 1.18 దాకా పొడుచుకుపోతుంది. ఎన్ని పదాలు చేర్చినా ఆ కొమ్ము ఎత్తు తగ్గదు, దూకే చోటుకు దగ్గరగా జరుగుతుందంతే. సగటుల గీత మాత్రం ఎప్పుడూ 1ని దాటదు. అందుకు కట్టే మూల్యం కూడా గ్రాఫ్‌లోనే ఉంటుంది. మూల దగ్గర గీత నిటారుగా లేవకుండా కాస్త ఏటవాలుగా, మెత్తగా ఎక్కుతుంది. 1 + 1/2 + 1/4 + … దగ్గర చూసిన నింపాదితనమే ఇది కూడా.

ఎక్కడి దాకా?

ఒకసారి సగటు చాలకపోతే మళ్ళీ తీయొచ్చు. 1 − 2 + 3 − 4 + … పాక్షిక మొత్తాలు 1, −1, 2, −2, 3, −3, … వాటి సగటులు 1, 0, 2/3, 0, 3/5, 0, … ఇవీ స్థిరపడవు. ఒకటి విడిచి ఒకటి సున్నా, మిగిలినవి 1/2 వైపు పోతున్నాయి. ఈ సగటుల సగటు తీస్తే 1/4 దగ్గర ఆగుతుంది. ఈ 1/4ను సరిచూసుకునే దారి కూడా ఉంది. గ్రాండీ శ్రేణిని దానితోనే పైన చెప్పినట్టు గుణించండి. వచ్చేది సరిగ్గా 1 − 2 + 3 − 4 + …, 1/2 వర్గం 1/4.

కానీ సగటుకూ ఓ హద్దు ఉంది. పరీక్ష తేలికే: n వ పదాన్ని n తో భాగిస్తే వచ్చేది సున్నాకు పోకపోతే, ఒకసారి సగటు తీయడం వల్ల ఆ శ్రేణి స్థిరపడదు. 1 − 2 + 3 − 4 + … ఈ పరీక్షలోనే తప్పింది, అందుకే రెండో సగటు కావాల్సొచ్చింది. 1 − 2 + 4 − 8 + … అయితే ఎన్నిసార్లు సగటు తీసినా లొంగదు, దాని పదాలు n యొక్క ఏ ఘాతం కంటేనైనా వేగంగా పెరుగుతాయి కాబట్టి.

ఇక జనం ఎక్కువగా అడిగేది 1 + 2 + 3 + 4 + … గురించి. రామానుజన్ 1913లో ఇంగ్లీషు గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో దీనికి −1/12 అని విలువ ఇచ్చాడు. గ్రాండీ శ్రేణి 1/2కు ఇది పెద్దన్న అన్నట్టు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. అది సరికాదు. ఈ శ్రేణిలో అన్నీ ధన పదాలే. పాక్షిక మొత్తాలు పెరుగుతూ పోతాయి, వాటి సగటులూ పెరుగుతూ పోతాయి, సగటుల సగటులూ అంతే. ఊగిసలాట ఉంటే సగటు దాన్ని అణచగలదు. ఒకే వైపు పరుగెత్తేదాన్ని ఆపలేదు.

సగటు ఒక్కటే కాదు, మనం పైన చెప్పుకున్న గుణాలున్న ఏ పద్ధతీ దీనికి విలువ ఇవ్వలేదు. ఇచ్చిందనుకుని చూద్దాం. ముందు ఒక సున్నా చేర్చినా విలువ మారకూడదు, ఎందుకంటే మొదటి పదాన్ని బయటికి తీసినప్పుడు మిగిలేది అదే శ్రేణి:

S = 1 + 2 + 3 + 4 + …
S = 0 + 1 + 2 + 3 + …

పదానికి పదం తీసేస్తే 0 = 1 + 1 + 1 + 1 + … వస్తుంది. దీనికీ ముందు ఒక సున్నా చేర్చి 0 = 0 + 1 + 1 + 1 + … అని రాసి, మళ్ళీ తీసేస్తే 0 = 1 + 0 + 0 + 0 + …, అంటే 0 = 1. కాబట్టి −1/12ను ఇచ్చే పద్ధతి ఏదైనా సరే ఈ గుణాల్లో ఒకదాన్ని వదులుకోక తప్పదు. 1 + 1/2ˢ + 1/3ˢ + … అనే శ్రేణి నుంచి పుట్టే జీటా ప్రమేయం ద్వారా −1/12 తెచ్చే పద్ధతి వదులుకునేది స్థానం జరిపే హక్కును. అక్కడ ప్రతి పదం విలువా అది ఎన్నో స్థానంలో ఉందన్నదానికి కట్టుబడి ఉంటుంది. అందుకే S = 1 − S లాంటి లెక్క గ్రాండీ శ్రేణి దగ్గర చెల్లుతుంది, అక్కడ చెల్లదు.